ముందు ఏది జరిగింది?

హైదరాబాద్ వెబ్ సర్వర్ లాగ్‌లో 14:32:10కి చెల్లింపులు ఆగాయని ఉందనుకుందాం. వర్జీనియా డేటాబేస్ లాగ్‌లో 05:01:55కి డిస్క్ నిండిందని ఉంది. మొదటిదాంట్లోంచి ఐదున్నర గంటలు తీసేసి, రెండోదానికి నాలుగు గంటలు (చలికాలమైతే ఐదు) కలిపితే రెండూ యూటీసీలోకి వస్తాయి: 09:02:10, 09:01:55. డిస్కే ముందు నిండింది, తప్పు దానిదే అనిపిస్తుంది.

అక్కడే ఆగకూడదు. రెండు లాగ్‌లలోనూ కనిపించే ఒకే రిక్వెస్ట్ నంబరు పట్టుకోవాలి. హైదరాబాద్ దాన్ని 09:00:00కి పంపితే, వర్జీనియాకు 08:59:40కే అందినట్టుంది! పంపకముందే అందడం అసాధ్యం. అంటే హైదరాబాద్ గడియారంతో పోలిస్తే డేటాబేస్ గడియారం కనీసం 20 సెకన్లు వెనకబడింది. ఆ తేడా కలిపితే డిస్క్ నిండింది 09:02:15కో, ఆ తర్వాతో. చెల్లింపులు అప్పటికే ఆగిపోయాయి. అసలు కారణాన్ని ఇంకోచోట వెతకాలి.