రాబడి నుంచి బాండు ధర: ఒక చేతి లెక్క

భారత ప్రభుత్వ బాండు పేరు 7.10% GS 2034 అని ఉంటే, అది ముఖ విలువపై ఏటా 7.10 శాతం వడ్డీ ఇస్తుందని, 2034లో అసలు తిరిగి వస్తుందని అర్థం. ఈ వడ్డీనే కూపన్ అంటారు. ఏడాది కూపన్‌లో సగం చొప్పున ఆరు నెలలకోసారి చేతికి అందుతుంది. కూపన్ చివరిదాకా మారదు, మారేది బాండు ధర. ఆ ధరను నిర్ణయించేది గడువు వరకు రాబడి, అంటే వైటీఎం. బాండు నుంచి ఇకపై రావలసిన మొత్తాలన్నిటినీ ఏ ఒక్క రేటుతో తగ్గించి కూడితే నేటి ధర వస్తుందో, ఆ రేటే వైటీఎం.

ముఖ విలువ 100 రూపాయలు, కూపన్ 7 శాతం, గడువు మూడేళ్లు, వైటీఎం 8 శాతం ఉన్న బాండును తీసుకుందాం. ముందుగా అన్నిటినీ అర్ధ సంవత్సరాల్లోకి మార్చుకోవాలి. కూపన్ 3.50 రూపాయలు, రేటు 4 శాతం, వాయిదాలు ఆరు. 8ని నేరుగా సగం చేయడం మార్కెట్ పాటించే పద్ధతి.

చేతితో లెక్క వేసేటప్పుడు ఆరు మొత్తాలనూ విడివిడిగా తగ్గించనక్కర్లేదు. చివరి నుంచి వెనక్కి వస్తే ఘాతాల బెడద ఉండదు. ఆఖరి రోజున అసలు, కూపన్ కలిపి 103.50 వస్తాయి. దాన్ని 1.04తో భాగిస్తే, ఆరు నెలల ముందు దాని విలువ 99.5192. అదే రోజున ఐదో కూపన్ కూడా వస్తుంది కాబట్టి 3.50 కలిపితే 103.0192. మళ్లీ 1.04తో భాగిస్తే 99.0570. కలపడం, భాగించడం, ఇంతే పని. అలా వెనక్కి వస్తే 98.6125, 98.1851, 97.7741, చివరికి 97.3789. అంటే నేటి ధర దాదాపు 97.38 రూపాయలు.

ఈ జవాబు సరైనదో కాదో చూడడానికి చక్కని దారి ఉంది. మార్కెట్ 4 శాతం అడుగుతుంటే బాండు 3.50 మాత్రమే ఇస్తోంది. ప్రతి ఆరు నెలలకూ 50 పైసల లోటు, ఆరు వాయిదాలకు 3 రూపాయలు. ఆ లోటు ముందు ముందు వచ్చేది కాబట్టి దాని నేటి విలువ 3 కంటే కొంత తక్కువే ఉండాలి. లెక్కలో 100కు తగ్గింది 2.62, కాబట్టి సరిపోయింది. ధర 97 కంటే దిగువకు గానీ 100 దాటి గానీ వస్తే, ఎక్కడో తప్పు జరిగినట్టే.

అయితే ఈ సరిచూపుకు దొరకని తప్పులూ ఉన్నాయి. కూపన్‌ను ఏడాదికోసారి 7 రూపాయలుగా, రేటును 8 శాతంగా తీసుకుని మూడు వాయిదాలకు లెక్కిస్తే 97.42 వస్తుంది. తేడా నాలుగు పైసలే అయినా, కోటి రూపాయల ముఖ విలువపై అది దాదాపు 4,400 రూపాయలు. ఇంతకంటే పెద్ద తప్పు, బాగా లెక్కలు వచ్చినవారే చేసేది ఇంకొకటి. 1.08కి వర్గమూలం తీసి అర్ధ సంవత్సర రేటును 3.92 శాతంగా పెట్టుకోవడం. చక్రవడ్డీ ప్రకారం అది తర్కబద్ధంగానే కనిపిస్తుంది, కానీ మార్కెట్ చెప్పే 8 శాతానికి ఆ అర్థం లేదు. అర్ధ సంవత్సరానికి 4 శాతం చొప్పున చక్రవడ్డీ కడితే ఏడాదికి 8.16 శాతం అవుతుంది. వర్గమూలం తీస్తే ధర 97.78కి పెరుగుతుంది, అంటే నూటికి 40 పైసలు ఎక్కువ.

ఇప్పటిదాకా చూసినది కూపన్ అందిన మర్నాటి నుంచే లెక్క మొదలైతే వచ్చే ధర. నిజానికి కొనుగోళ్లు మధ్యలోనే జరుగుతాయి. కూపన్ ఇచ్చి రెండు నెలలు గడిచాయనుకుందాం. మన ప్రభుత్వ బాండ్లకు నెలకు 30 రోజులు, ఏడాదికి 360 రోజుల లెక్క, కాబట్టి 180 రోజుల్లో 60, మూడో వంతు, గడిచింది. వైటీఎం మారకపోతే 97.3789ను 1.04 ఘనమూలంతో గుణించాలి. ఘనమూలానికి యంత్రం అక్కర్లేదు. 1.0132ను మూడుసార్లు గుణిస్తే 1.04 కొద్దిగా దాటుతుంది, 1.01316 దగ్గర సరిపోతుంది. గుణిస్తే 98.66 వస్తుంది. కొనేవారు చెల్లించవలసిన పూర్తి మొత్తం ఇది.

కానీ తెర మీద కనిపించే ధర ఇది కాదు. గడిచిన రెండు నెలల వడ్డీ, అంటే 3.50లో మూడో వంతు 1.17, అమ్మినవారికి చెందాలి. దాన్ని తీసేస్తే మిగిలే 97.49 క్లీన్ ధర. బేరం ఆ అంకె మీద జరుగుతుంది, చెల్లింపు మాత్రం వడ్డీ కలిపిన 98.66 మీద.