ముక్క తేలితే నలుపే

గుత్తి వంకాయ కూరకు కాయలు కోసేటప్పుడు పక్కన ఉప్పు నీళ్ల గిన్నె ఉండాల్సిందే. లేకపోతే ఆఖరి కాయ కోసేసరికి మొదటిది నల్లబడుతుంది. వంకాయలో, ఆపిల్‌లో, బంగాళాదుంపలో జరిగేది దాదాపు ఒకటే.

వీటి కణాల్లో ఫీనాల్స్ అనే పదార్థాలు ఒకచోట, పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము మరోచోట ఉంటాయి. కత్తి పడగానే కణాలు చితికి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడైతే ఫీనాల్స్ క్వినోన్లుగా మారి, అవి ఒకదానితో ఒకటి అతుక్కుని గోధుమరంగు తేలతాయి. మొద్దు కత్తితో కోస్తే ఎక్కువ కణాలు నలుగుతాయి కాబట్టి రంగు ఇంకా త్వరగా మారుతుంది. ఇనుప కత్తిపీట అయితే ఇనుము కూడా ఫీనాల్స్‌తో కలిసి నలుపు పెంచుతుంది. బంగాళాదుంప మాత్రం ముందు గులాబీ రంగుకు తిరిగి, ఆ తర్వాతే నల్లబడుతుంది.

నీళ్లలో వేస్తే గాలి తగలదు, అంతే. ఎంజైము చావదు. బయటికి తీసి ఆరబెడితే మళ్లీ మొదలు. ఉప్పు కలిపితే ఎంజైము జోరు కొంత తగ్గుతుంది; లీటరు నీళ్లకు ఒక టీస్పూను చాలు. అయితే వంకాయ గుజ్జు స్పాంజిలా ఉండి లోపల గాలి దాచుకుంటుంది, అందుకే ముక్క నీటిపై తేలుతుంది. పైకి తేలిన భాగం నల్లబడుతూనే ఉంటుంది. ముక్కల మీద చిన్న పళ్లెం బోర్లించి నొక్కి పెడితే ఈ బెడద ఉండదు. కొందరు ఆ నీళ్లలో కాస్త మజ్జిగ కలుపుతారు. పులుపు కూడా ఎంజైమును అదుపు చేస్తుంది కాబట్టి అదీ మంచి పద్ధతే. అరటికాయకూ ఇది పనికొస్తుంది.

ఆపిల్‌కు నిమ్మరసం మేలు. నిమ్మలోని పులుపు ఎంజైమును నెమ్మదింపజేస్తే, సి విటమిన్ అప్పుడే పుట్టిన క్వినోన్లను తిరిగి ఫీనాల్స్‌గా మార్చేస్తుంది. కప్పు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి, ముక్కల్ని రెండు మూడు నిమిషాలు ముంచి తీసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే పిల్లల డబ్బాలో మధ్యాహ్నం దాకా బాగానే ఉంటాయి. సి విటమిన్ ఖర్చయిపోయాక మాత్రం రంగు మారక తప్పదు. వంకాయకు ఇంత నిమ్మరసం పోస్తే కూర పుల్లబడుతుంది.

బంగాళాదుంపకు మామూలు నీళ్లే సరిపోతాయి. పిండి కూడా కొట్టుకుపోయి వేపుడు ముక్కలు విడివిడిగా వస్తాయి. కాకపోతే గంటల తరబడి నానబెడితే సి విటమిన్ నీళ్లపాలవుతుంది.

రంగు మారిన ముక్క పాడైనట్టు కాదు. పైన పల్చగా చెక్కితే లోపల తెల్లగా గట్టిగా ఉందంటే తినొచ్చు. మెత్తబడి వాసన వస్తే పారేయాలి. వంకాయ కోసిన వెంటనే లోపల గుజ్జు, గింజలు గోధుమరంగులో కనిపిస్తే ఆ కాయ ముదిరిపోయిందో, ఫ్రిజ్ చలికి దెబ్బతిందో అనుకోవాలి. దానికి ఏ నీళ్లూ పనిచేయవు.