పక్కింటి పెరట్లో 15 రోజులు

తెనాలి, గుడివాడ లాంటి ఊళ్ళ పాత వీధుల్లో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టే ఉంటాయి. మన గోడ మన హద్దు మీదే లేస్తుంది. దాని అవతలి ముఖం మాత్రం పక్కవాళ్ళ పెరట్లోకి చూస్తుంటుంది. రెండు వర్షాకాలాలు పోయాక లోపల పడకగదిలో చెమ్మ దిగుతుంది, సున్నం పెచ్చులు రాలుతుంది. బాగు చేయాల్సింది బయటివైపు. బయటివైపు నిలబడాలంటే కాలు పెట్టాల్సింది పక్కింటి నేల మీద.

గోడ మనదే అయినా, దాన్ని బాగు చేసుకోవడానికి పక్కవాళ్ళ స్థలంలో పరంజా కట్టే హక్కు దానంతటది రాదు. ఇంగ్లండులో ఇలాంటి పనికి పొరుగువాడు కాదంటే కోర్టు నుంచి అనుమతి తెచ్చుకునే వీలు కల్పిస్తూ 1992లో ఒక చట్టం చేశారు. మన దగ్గర అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నదల్లా 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. దాని ప్రకారం పక్కాయన సరేనంటే మనకు దక్కేది లైసెన్సు, అంటే ఆయన ఇష్టపడి ఇచ్చిన అనుమతి. శాశ్వత నిర్మాణం కాదు గనుక మధ్యలో వద్దన్నా ఆయన మాటే చెల్లుతుంది. సామాను తీసుకుపోవడానికి తగినంత గడువు మాత్రం ఇవ్వాలి.

పక్కింటివాళ్ళు తటపటాయించేది దుమ్ముకు భయపడి కాదు. ‘ఇవాళ కర్రలు పాతారు, రేపు ఇక్కడ దారి ఉందంటారేమో’ అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. నిజానికి ఉత్తరం రాసుకుంటే ఆ భయం తీరుతుంది. ఏళ్ళ తరబడి వాడకం వల్ల హక్కు పుట్టాలంటే, ఆ వాడకం హక్కుగా సాగాలి. అడిగి, అనుమతి తీసుకుని వాడినది ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ఈ కాగితం అడిగినవాడి కంటే ఇచ్చినవాడికే ఎక్కువ రక్ష. ఆ సంగతి ఉత్తరంలోనే కనపడేట్టు రాయాలి.

రాయబోయే ముందు మేస్త్రీని కూర్చోబెట్టి రోజులు లెక్కించాలి. ఎక్కువ తగాదాలు ఇక్కడే మొదలవుతాయి. రెండంతస్తుల గోడ, సుమారు 30 అడుగుల పొడవు, 20 అడుగుల ఎత్తు అనుకుందాం. మేస్త్రీ ‘ఆరు రోజుల పనండీ’ అంటాడు. అది అబద్ధం కాదు, ఆయన చేతిపని అంతే. మొదటి రోజు పరంజా, రెండు రోజులు వదులైన పాత ప్లాస్టరింగ్ కొట్టడం, ఒక రోజు పగుళ్ళు తవ్వి పూడ్చడం, రెండు రోజులు కొత్త ప్లాస్టరింగ్. ఆ తర్వాత కనీసం ఏడు రోజులు గోడకు నీళ్ళు కొట్టాలి. డాబా మీద నుంచి పైపుతో కొట్టవచ్చు కదా, పరంజా ఎందుకంటారా? సన్‌షేడ్ల కింద ఆ నీళ్ళు చేరవు. పైగా సన్న పగుళ్ళు బయటపడేది ఆ వారంలోనే. కర్రతో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చిన చోట కొట్టేసి మళ్ళీ వేయాలి. అంటే జనవరి 19, సోమవారం మొదలుపెడితే ప్లాస్టరింగ్ 24తో ముగుస్తుంది, నీళ్ళ వారం 31తో పూర్తవుతుంది, ఆదివారం సెలవు పోను ఫిబ్రవరి 2న పరంజా విప్పుతారు. ఆరు రోజులనుకున్నది పక్కాయన పెరట్లో 15 రోజులైంది. ఉత్తరంలో రాయాల్సింది ఈ రెండో అంకె.

19నే ఎందుకంటే, అంతకు ముందు సంక్రాంతి. కూతురూ అల్లుడూ వచ్చే ఇంట్లో, ముగ్గులు పెట్టే వాకిట్లో కర్రలు దించుతామని అడగడం బాగుండదు.

పరంజా ఎలా కడతారన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఒక వరుస కర్రలైతే స్థలం తక్కువ పడుతుంది, కానీ అడ్డకర్రల రెండో కొస మన గోడలోనే దూర్చాలి. ఆ బొక్కలు సరిగా పూడ్చకపోతే చెమ్మ మళ్ళీ అక్కడి నుంచే మొదలు. చెమ్మ కోసమే చేస్తున్న పనిలో అది తెలివితక్కువ. రెండు వరుసలైతే గోడకు బొక్క పడదు, కానీ పెరట్లో నాలుగు అడుగుల వెడల్పు పోతుంది. సరుగుడు కర్రలకు మట్టినేలలో గుంటలు తీస్తారు. టైల్స్ వేసిన చోట గుంట తీయకుండా కింద గోనెపట్టా, చెక్కపలక వేసి నిలపాలి.

ముందు ఇంటికెళ్ళి నోటితో అడగాలి. ఉత్తరం ఆ తర్వాతే. పలకరింపు లేకుండా పోస్టులో కాగితం వస్తే మన ఊళ్ళలో దాన్ని నోటీసనే అనుకుంటారు. ఇంట్లో అద్దెవాళ్ళుంటే వాళ్ళతో పాటు యజమానికీ చెప్పాలి. అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే ఇద్దరి సంతకాలూ తీసుకోవడం మేలు.

ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

“అన్నయ్యగారికి నమస్కారాలు. మొన్న మాట్లాడుకున్నట్టు మా ఇంటి తూర్పు గోడ బయటివైపు చెమ్మ పని చేయించాలి. అందుకు మీ పడమటి పెరట్లో గోడ పొడవునా నాలుగు అడుగుల మేర పరంజా కట్టుకోనివ్వమని అడుగుతున్నాను. జనవరి 19న కట్టి, ఫిబ్రవరి 2న విప్పిస్తాము. వాన పడితే 5వ తేదీ దాటదు.

పనివాళ్ళు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకే, పక్క గేటు నుంచే వస్తారు. 20, 21 తేదీల్లో దుమ్ము బాగా ఉంటుంది. ఆ రెండు రోజులు వదినగారు బట్టలు డాబా మీద ఆరేసుకుంటే మంచిది. ఆకుపచ్చ వల కట్టిస్తాను. 25 నుంచి వారం పాటు గోడ నీళ్ళు మీ పెరట్లోకి కారతాయి, రోజూ కడిగిస్తాను. టైల్స్ మీద గుంటలు తీయరు. మీ కిటికీ గ్రిల్లుకు తాళ్ళు కట్టరు. సాయంత్రం నిచ్చెన, కింది పలకలు తీసి మా ఇంట్లో పెడతాము.

పనికి ముందు మీరుండగానే పెరడు ఫోటోలు తీసుకుందాం. దేనికి నష్టం జరిగినా నా ఖర్చుతో బాగు చేయిస్తాను. పనివాళ్ళ బాధ్యత నాది, మేస్త్రీది. ఇది తాత్కాలిక అనుమతి మాత్రమే. దీనివల్ల మీ స్థలం మీద నాకు ఏ హక్కూ రాదు. ఈ గోడకు కొత్తగా కిటికీ గానీ, సన్‌షేడ్ గానీ, పైపు గానీ పెట్టించను.”

రెండు ప్రతులు రాసి, రెండింటి మీదా ఇద్దరి సంతకాలూ పెట్టుకుని చెరొకటి ఉంచుకుంటే చాలు. నిచ్చెన తీసే మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పరంజా ఉన్నన్నాళ్ళూ రెండిళ్ళ పై అంతస్తుకూ దొంగకు దారి ఉన్నట్టే. పెరటి మీదుగా కరెంటు సర్వీసు వైరు పోతుంటే ఆ సంగతి ఉత్తరంలో రాసి ఊరుకుంటే చాలదు. ముందుగా కరెంటు ఆఫీసులో చెప్పి జాగ్రత్త చేయించే దాకా కర్ర దించకూడదు, ఇనుప పైపులైతే మరీను.

రంగు సంగతి వేరు. కొత్త ప్లాస్టరింగ్ బాగా ఆరాకే వేయాలి, నాలుగు వారాలు ఆగడం మంచిది. అందాకా పరంజా ఉంచితే పక్కాయన ఓర్పు ఆరిపోతుంది. డాబా మీద నుంచి తాళ్ళతో దిగే ఉయ్యాల పీటతో రెండు రోజుల్లో రంగు వేయించుకోవచ్చు. పీట వేలాడేది కూడా ఆయన స్థలం పైనే కాబట్టి ఆ రెండు రోజులూ అదే ఉత్తరం చివర విడిగా అడగాలి.

అంతా చెప్పినా ఆయన కాదంటే బలవంతానికి దారి లేదు. ఆయనకు వీలైన నెల ఏదో అడగాలి. ఆయన తన గోడకు సున్నం వేయించేటప్పుడే మన పనీ కలుపుకుందామని అడిగి చూడవచ్చు. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ పూత పూసేస్తే సరిపోతుందని దుకాణాల్లో చెబుతారు. అది మరక కనపడకుండా కొన్నాళ్ళు ఆపుతుంది గానీ, వాన నీళ్ళు బయటి నుంచి ఇటుకలోకి దిగుతూనే ఉంటాయి. పూత బుడగలు కట్టి లేచిందంటే లోపల తడి అలాగే ఉందన్నమాట. మళ్ళీ పక్కింటి తలుపు తట్టాల్సిందే.