తోటకు జోడీ తూటా

ముందుగా రెండు పాదాలు. ఇప్పటికిప్పుడు కట్టినవే, కవిత్వమని గొప్పలకు పోను.

ఊరి చివర మామిడి తోట,
దాటి వస్తే అమ్మ పాట.

తోట, పాట. చెవికి హాయిగా ఉంది. తలుపు మూసి గడియ పెట్టినట్టు మాట ముగిసింది. ఇప్పుడు రెండో పాదం మారుద్దాం.

ఊరి చివర మామిడి తోట,
దాటి వస్తే తగిలె తూటా.

అర్థం సంగతి కాసేపు పక్కన పెట్టి శబ్దం మాత్రం వినండి. ముందు 'త', వెనక 'ట' అలాగే ఉన్నాయి. నడుమ 'ఓ' పోయి 'ఊ' వచ్చింది, చివర కాస్త సాగింది. మొదటి జంటలో 'ఓట', 'ఆట' కూడా పూర్తిగా కలవలేదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, కానీ మన అంత్యప్రాస చివరి అక్షరం కలిస్తే ఊరుకుంటుంది. ఇంగ్లీషు చెవి అలా ఊరుకోదు. చివరి అచ్చు, దాని వెనకున్న హల్లులు అన్నీ కలవాలంటుంది. హల్లులు కలిసి అచ్చు తప్పితే ఆ చెవికి పంటి కింద రాయి తగిలినట్టే.

ఆ రాయిని కావాలని వేసిన కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో అధికారి. 1918లో ఆయన రాసిన 'స్ట్రేంజ్ మీటింగ్' అనే కవితలో సైనికుడొకడు యుద్ధం నుంచి తప్పించుకుని చీకటి సొరంగంలోకి దిగుతాడు. అక్కడ పడివున్నవాళ్లలో ఒకడు లేచి చూస్తాడు. వాడి ముఖంలోని జీవం లేని నవ్వును బట్టి ఇది నరకమని వీడికి తెలుస్తుంది. ఇద్దరూ మాట్లాడుకుంటారు. నిన్న నువ్వు చంపిన శత్రువును నేనేనని చివర్లో రెండోవాడు చెబుతాడు.

కవిత దాదాపు అంతా రెండేసి పాదాల జంటలుగా నడుస్తుంది. కానీ జంట కట్టిన మాటలు చూడండి: 'ఎస్కేప్డ్'కు 'స్కూప్డ్', 'ఇయర్స్'కు 'యువర్స్', 'వైల్డ్'కు 'వరల్డ్'. ముందూ వెనకా హల్లులు పట్టుకుని, నడుమ అచ్చును మాత్రం జారవిడవడం పద్ధతి. తర్వాత ఎడ్మండ్ బ్లండెన్ అనే మరో యుద్ధకవి దీనికి 'పారారైమ్' అని పేరు పెట్టాడు.

ఇందులో మనవాళ్లకు తమాషాగా తోచే సంగతి ఒకటుంది. మన ఉత్పలమాలలో, చంపకమాలలో ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరం మీద ఉంటుంది. అక్కడ హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా అభ్యంతరం లేదు. పాదాల మొదట్లో తోట, తూటా పెడితే మన పద్యానికి నిక్షేపమైన ప్రాస. అంటే ఇబ్బంది ఆ శబ్దంలో లేదు, చెవి దేనికోసం కాచుకుని ఉందన్నదానిలో ఉంది. శతాబ్దాలుగా పాదం చివర పూర్తి కలయికకు అలవాటుపడిన చెవికి ఓవెన్ ముప్పాతిక వంతు ఇచ్చి ఆపేశాడు. అసలేమీ ఇవ్వకపోతే అది ఆశే పెట్టుకోదు. వచన కవితలో ప్రాస లేదని ఎవరూ కలవరపడరు కదా!

మరి అది కవి చేతగానితనం కాదని ఎలా తెలుస్తుంది? కవితంతా నిండైన ప్రాసలుండి ఒక్కచోట జారితే అనుమానించాల్సిందే. పాతకాలపు కవితైతే అప్పట్లో ఆ రెండు మాటలూ ఒకేలా పలికేవారేమో కూడా చూడాలి. ఓవెన్ మాత్రం మొదటి జంట నుంచి పట్టు వదలడు. అయినా పొరబడినవాళ్లు లేకపోలేదు. అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ చనిపోయాక, 1890లో ఆమె కవితలు తొలిసారి అచ్చువేసిన సంపాదకులు ఇలాంటి ఓరప్రాసల్ని కొన్నిచోట్ల సరిచేశారు. పదును తీసేసి నున్నగా చేయడమే అనాలి దాన్ని.

మళ్లీ సొరంగంలోకి వద్దాం. చంపినవాడూ చచ్చినవాడూ దాదాపు ఒకటే మనిషి. ఒకే రకం ఆశలు, ఒకే రకం యవ్వనం. కానీ నడుమ ఒక బయొనెట్ పోటు ఉంది. రెండు మాటల హల్లులన్నీ కలిసి అచ్చొకటి కలవకపోవడమూ అలాంటిదే. ముగింపు దగ్గర 'ఫ్రెండ్'కు జోడీ 'ఫ్రౌన్డ్', అంటే ముఖం చిట్లించడం. 'కిల్డ్'కు జోడీ 'కోల్డ్'. పైకి పలికి చూడండి. 'కి' దగ్గర బిగిసిన పెదాలు 'కో' దగ్గర గుండ్రమై, గొంతు కిందికి దిగుతుంది. స్నేహితుడన్న మాట కూడా స్నేహంగా ముగియదు.

ఆ తర్వాత ఇక నిద్రపోదామన్న అర్థంలో ఒక కురుచ పాదం ఉంది. దానికి ఓరప్రాస జోడీ కూడా లేదు. ఓవెన్ 1918 నవంబర్ 4న ఫ్రాన్సులో ఒక కాలువ దాటే పోరులో చనిపోయాడు, యుద్ధం ఆగడానికి సరిగ్గా వారం ముందు. కవిత అచ్చయింది ఆ తర్వాతే. బతికుంటే ఆ పాదానికి జత రాసేవాడేమోనని అనుకునేవాళ్లున్నారు. నాకైతే అది అలా ఒంటరిగా ఉండటమే సరైందనిపిస్తుంది. పైకి చదివినప్పుడల్లా, ఇంకో పాదం వస్తుందేమోనని గొంతు ఒక్క క్షణం ఆగుతుంది.