ఒక్క కారూ అమ్మకముందే

పెనుకొండ దాటాక బెంగళూరు హైవే పక్కన ఎర్రమంచి దగ్గర కియా ప్లాంటు ఉంది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారు చేసేలా దాన్ని కట్టారు. ఒప్పందం మీద సంతకాలు పడింది 2017 ఏప్రిల్‌లో. మొదటి మోడల్ సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది 2019 ఆగస్టు 22న. అంటే దేశంలో ఒక్క కారు కూడా అమ్మకముందే, రెండేళ్లకు పైగా ముందుగానే, షెడ్ల పరిమాణమూ ప్రెస్సుల సంఖ్యా నీళ్ల అవసరమూ తేల్చుకోవలసి వచ్చింది. అమ్మకాల చరిత్రే లేని సరుకుకు గిరాకీ ఎలా లెక్కగడతారు? ఆ పనికి వాడే గీతకు యాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

దాన్ని గీసినవాడు ఫ్రాంక్ బాస్, అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. 1969లో అచ్చయిన ఆయన వ్యాసం, కొత్త వస్తువును కొనేవాళ్లను రెండు రకాలుగా విడదీసింది. కొందరు ప్రకటన చూసి, తమకు తామే ముందుకొస్తారు. ఎక్కువమంది మాత్రం పక్కింట్లో చూశాక కొంటారు. మొదటి గుణానికి p అనీ, రెండో దానికి q అనీ, ఎప్పటికైనా కొనగలవాళ్ల మొత్తానికి m అనీ పేర్లు. ఏ క్షణానికైనా అప్పటిదాకా కొన్నవాళ్లు N అయితే, ఆ క్షణాన ఏడాదికి ఎంతమంది చొప్పున కొంటున్నారో అది n:

```
n(t) = [p + (q/m)·N(t)] · [m − N(t)]
```

మొదటి బ్రాకెట్టు కాలంతో పెరుగుతుంది, ఎందుకంటే చూపించేవాళ్లు పెరుగుతారు. రెండోది తరుగుతుంది, ఎందుకంటే ఇంకా కొననివాళ్లు తగ్గిపోతారు. ఈ రెంటి లాగులాటలో అమ్మకాలు ఎక్కి, ఒక శిఖరం తాకి, దిగుతాయి.

బాస్ దీన్ని కలర్ టీవీ మీద ప్రయోగించాడు. కొద్ది సంవత్సరాల అమ్మకాలు మాత్రమే చేతిలో పెట్టుకుని, 1968లో సుమారు 67 లక్షల సెట్లతో శిఖరం వస్తుందన్నాడు. పరిశ్రమవాళ్లకు అది మరీ తక్కువగా తోచింది. శిఖరం 1968లోనే వచ్చింది. అప్పటికి ఏడాదికి కోటీ నలభై లక్షల పిక్చర్ ట్యూబులు తయారు చేసే సామర్థ్యం కట్టేసి ఉంది.

బాస్‌కు కొన్నేళ్ల అంకెలైనా ఉన్నాయి. అవీ లేనప్పుడు? పాత వస్తువుల p, q లను అరువు తెచ్చుకోవాలి. 1992లో అమెరికాలో డైరెక్ టీవీ తన ఉపగ్రహ ప్రసారాలకు అంచనా వేసుకున్నప్పుడు, కలర్ టీవీ, కేబుల్ టీవీల వక్రరేఖలను అలాగే తెచ్చుకున్నారు. m మాత్రం అరువుకు దొరకదు. దాన్ని సర్వేతో లెక్కగట్టారు, అందులోనూ కొంటామన్నవాళ్ల సంఖ్యను బాగా తగ్గించి. కొంటామని చెప్పినవాళ్లందరూ కొనరు. 1994లో ప్రసారాలు మొదలయ్యాక అమ్మకాలు అంచనాకు దగ్గరగానే నడిచాయి.

ఈ అరువు ఎందుకు తప్పదో చిన్న లెక్క చూపిస్తుంది. m పది లక్షలు, p 0.03, q 0.38 అనుకుందాం. కొత్త వస్తువుల మీద జరిగిన అధ్యయనాల సగటు దాదాపు ఇంతే. మొదటి ఏడాది 36 వేలు, రెండో ఏడాది 49 వేలు అమ్ముడవుతాయి. ఆరో ఏడాది దాటాక శిఖరం, ఏడాదికి లక్షా పది వేలు. ఇప్పుడు q ఒక్కటే 0.5కు పెంచండి. మొదటి ఏడాది 38 వేలు, అంటే తేడా రెండు వేలే. కానీ శిఖరం దాదాపు ఏడాది ముందే వస్తుంది, ఎత్తు లక్షా నలభై వేలు. మొదటి ఏడాది అమ్మకాలు చూసి ఈ రెండు గీతల్లో ఏది మనదో చెప్పడం కష్టం. ప్లాంటు సైజు మాత్రం ఆ శిఖరం మీదే ఆధారపడుతుంది. అందుకే పోలికను జాగ్రత్తగా ఎంచుకోవడం సూత్రం కన్నా పెద్ద పని. కొత్త వేరుశనగ విత్తనం వేసే కదిరి రైతు దిగుబడి అడిగేది తనలాంటి ఎర్రనేలవాణ్ణి గానీ, నల్లరేగడిలో కాలువ నీళ్లు పెట్టేవాణ్ణి కాదు కదా.

సెల్టోస్‌కు దగ్గరి నేల క్రెటా. అదే ధరల శ్రేణి, అదే రకం కుటుంబాలు, తయారీదారు హ్యుందాయ్ కియాకు అన్న వంటిది. 2015 జులైలో వచ్చిన క్రెటా, 2018-19 నాటికి ఏడాదికి లక్షా ఇరవై వేలు దాటింది. ఈ ఒక్క మోడల్‌తో పోల్చి చూసినా మూడు లక్షల ప్లాంటు సెల్టోస్ ఒక్కదానితో నిండదని ముందే తెలుస్తుంది.

అయితే పోలికను ఉన్నదున్నట్టు దించుకోకూడదు. క్రెటా తొలి నెలల్లో నెలకు ఏడు వేల చిల్లర అమ్మింది. అది గిరాకీ కాదు, తయారు చేయగలిగినంత. జనం నెలల తరబడి వెయిటింగులో ఉన్నారు. ఆ అంకెను గిరాకీ అనుకుంటే గీత మొదలే కిందకి వంగిపోతుంది. సెల్టోస్‌కూ అదే జరిగింది. విడుదల నాటికి 32 వేల బుకింగులు ఉన్నా ఆగస్టులో 6,236, సెప్టెంబరులో 7,754 కార్లే చేరాయి. అక్టోబరులో పన్నెండు వేలు దాటి, నవంబరులో 14,005. ఇక డిసెంబరులో 4,645! ఒక్క నెల చూసి శిఖరం దాటేసిందనుకుంటే పొరపాటు. ఏడాది చివర్లో కొంటే కారుకు ఆ ఏడాది ముద్ర పడుతుందని చాలామంది జనవరికి ఆగుతారు. జనవరిలో మళ్లీ పదిహేను వేలకు చేరింది. ఇలాంటి చోట నెలవారీ డెలివరీల పక్కనే బాకీ ఉన్న బుకింగులు, రద్దులు, డీలర్ల దగ్గర నిలిచిన స్టాకు కూడా రాసుకోవాలి. బాకీ తరుగుతూ డెలివరీ పెరిగితే అది పాత గిరాకీ తీరడం. కొత్త బుకింగులు కూడా పెరిగితేనే గిరాకీ పెరిగినట్టు.

బుకింగుల్ని మాత్రమే నమ్మితే ఏమవుతుందో నానో చూపించింది. 2009లో రెండు లక్షలకు పైగా బుకింగులు వచ్చాయి. సానంద్ ప్లాంటు ఏడాదికి రెండున్నర లక్షలకు కట్టారు. అమ్మకాల్లో అన్నిటికన్నా మంచి ఏడాది 2011-12, సుమారు 74,500. తొలి హడావిడి p నుంచి వచ్చింది; వీధిలో ఒకరిని చూసి మరొకరు కొనే q రాలేదు. పోలికల జాబితా రాసేటప్పుడు గెలిచిన కార్లనే రాస్తే ప్రతి గీతా పైకే పోతుంది. అందుకే నానో లాంటివీ అందులో ఉండాలి.

ఎర్రమంచిలో ఈ ప్రమాదాన్ని ఒక్క గీతతో మోయలేదు. 2020లో కార్నివాల్, సోనెట్, 2022లో కారెన్స్ అదే ప్రాంగణంలోంచి వచ్చాయి, పైగా ఎగుమతులు. 2022లో దేశంలో కియా రెండున్నర లక్షల కార్లు అమ్మింది.

కానీ గీతలు కూడినప్పుడు ఇంకో చిక్కు ఉంది. 2020 సెప్టెంబరులో సోనెట్ వచ్చేనాటికి ప్లాంటుకు సొంత చరిత్ర ఏర్పడింది, సెల్టోసే సోనెట్‌కు పోలిక. అక్టోబరులో సోనెట్ 11,721 అమ్మింది. అదే నెల సెల్టోస్ 8,900, అంతకు ముందు ఏడాది అక్టోబరు కన్నా నాలుగు వేలు తక్కువ. అందులో సోనెట్ లాక్కున్నది కొంత ఉండవచ్చు, మార్చిలో వచ్చిన కొత్త క్రెటా తీసుకున్నది కొంత, కోవిడ్ కొంత. రెండు మోడళ్ల m లను విడివిడిగా లెక్కగట్టి కూడేస్తే, ఒకే కొనుగోలుదారును రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.