శంషాబాద్ టికెట్‌లో దాగిన బీటా

శంషాబాద్ నుంచి విమానం ఎక్కేవాళ్లు టికెట్ ధర వివరాలు విప్పి చూస్తే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అనే పద్దు ఒకటి కనిపిస్తుంది. వసూలు చేసేది విమాన సంస్థే అయినా ఆ డబ్బు చేరేది విమానాశ్రయానికి. అది ఎంత ఉండాలో విమానాశ్రయం తనంతట తాను నిర్ణయించుకోవడానికి లేదు. 2008 నాటి చట్టం కింద ఏర్పడిన ఎయిర్‌పోర్ట్స్ ఎకనమిక్ రెగ్యులేటరీ అథారిటీ ఐదేళ్లకు ఒకసారి లెక్క కట్టి ఖరారు చేస్తుంది.

ఆ లెక్కలో నిర్వహణ ఖర్చు, తరుగుదల, పన్ను లాంటివి ఖాతా పుస్తకాల్లో దొరుకుతాయి. అప్పు ఇచ్చిన బ్యాంకుకు ఎంత వడ్డీ కట్టాలో ఒప్పందంలో రాసి ఉంటుంది. చిక్కంతా సొంత డబ్బు పెట్టిన వాటాదారులతోనే. వాళ్లకు ఏటా ఎంత రాబడి న్యాయమో ఏ కాగితంలోనూ ఉండదు. అంతే రిస్కు ఉన్న మరోచోట పెట్టి ఉంటే ఎంత ఆశించేవాళ్లో, అంత ఇక్కడా రావాలి. దాన్నే కాస్ట్ ఆఫ్ ఈక్విటీ అంటారు. వాటాదారుకు అది రాబడి, కంపెనీకి ఖర్చు. ప్రయాణికుడికైతే టికెట్‌లో కొంత భాగం.

"అంతే రిస్కు" అన్న మాటను అంకెగా మార్చే దారిని 1964లో అమెరికా ఆర్థికవేత్త విలియం షార్ప్ ప్రచురించారు. జాన్ లింట్నర్, యాన్ మొస్సిన్ దాదాపు అదే కాలంలో విడివిడిగా అక్కడికే చేరారు. ఈ కృషికి షార్ప్‌కు 1990లో నోబెల్ దక్కింది. దాని పేరు క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్, పొట్టిగా క్యాప్‌ఎం. మన విమానాశ్రయాల నియంత్రణ సంస్థ వాడేదీ ఇదే. మొత్తం ఒక్క వరుసలో ఇమిడిపోతుంది:

```
Ke = Rf + β × (Rm − Rf)
```

Ke మనకు కావలసిన కాస్ట్ ఆఫ్ ఈక్విటీ. Rf అంటే ఎగవేత భయం లేని రాబడి. మన దగ్గర పదేళ్ల కేంద్ర ప్రభుత్వ బాండు మీద వచ్చేదాన్ని తీసుకుంటారు. Rm మొత్తం షేర్ మార్కెట్ నుంచి ఆశించే రాబడి. ఈ రెండింటి తేడాయే మార్కెట్ రిస్క్ ప్రీమియం, అంటే ప్రభుత్వ బాండును వదిలి షేర్లలోకి వచ్చినందుకు మదుపరి అడిగే అదనం. ఆ అదనంలో ఈ కంపెనీకి ఎంత వంతు వర్తిస్తుందో బీటా చెబుతుంది. డబ్బు కట్టిపడేసి ఆగినందుకు ఇంత, భయాన్ని భరించినందుకు ఇంత అని రెండు కూలీలు కలిపి ఇస్తున్నట్టు అనుకోవచ్చు.

ఏ భయానికి కూలీ ఇస్తారన్నదే ఈ సూత్రానికి ప్రాణం. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయాయి. ఆ కంపెనీ షేర్లు మాత్రమే కొన్నవాళ్లు మునిగారు. కానీ ఆ ప్రయాణికుల్లో చాలామంది ఇతర సంస్థల విమానాలు ఎక్కారు. కాబట్టి నలభై రకాల షేర్లు కొని పెట్టుకున్న మదుపరికి ఒకచోట పోయింది మరోచోట కొంతైనా కలిసివచ్చింది. డబ్బును నాలుగు చోట్ల పెట్టుకుంటే కరిగిపోయే ఇలాంటి రిస్కుకు మార్కెట్ అదనంగా ఏమీ ఇవ్వదని షార్ప్ వాదన. 2020 మార్చి అలా కాదు. ఆ నెల 23న ఒక్కరోజే సెన్సెక్స్ 13 శాతం పడింది. రెండు రోజులకు దేశీయ విమానాలు నిలిచిపోయి, మళ్లీ ఎగరడానికి రెండు నెలలు పట్టింది. నలభై షేర్లున్నా నాలుగు వందలున్నా తప్పించుకునే వీలు లేదు. అందరి మీదా ఒకేసారి పడే ఈ దెబ్బలో ఒక కంపెనీ షేరు ఎంత వంతు తింటుందో అదే దాని బీటా.

బీటాను కొలిచేవాళ్లు సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల వారపు లేదా నెలవారీ రాబడులు తీసుకుంటారు. ఒక్కో వారానికి మార్కెట్ ఎంత కదిలింది, షేరు ఎంత కదిలింది అని గ్రాఫ్ మీద ఒక చుక్క పెడతారు. చుక్కల గుంపు మధ్య నుంచి సరళరేఖ గీస్తే దాని వాలే బీటా. మార్కెట్ 10 శాతం పెరిగినప్పుడు షేరు సగటున 8 శాతం పెరిగి, 10 తగ్గినప్పుడు 8 తగ్గుతుంటే బీటా 0.8. మార్కెట్ మొత్తానిది ఎప్పుడూ 1.

ఇక్కడ చాలామంది పొరబడతారు. బాగా ఎగిరిపడే షేరుకు బీటా ఎక్కువ అనుకుంటారు. అలా ఉండాలని లేదు. షేరు ఊగిసలాటను మార్కెట్ ఊగిసలాటతో భాగించి, ఆ రెండూ ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధంతో గుణిస్తే బీటా వస్తుంది. మార్కెట్ ఊగిసలాట 20 శాతం అనుకుందాం. ఒక షేరు 40 శాతం ఊగుతుంది, కానీ మార్కెట్‌తో దాని సహసంబంధం 0.3 మాత్రమే. అప్పుడు బీటా 0.6. ఇంకో షేరు 25 శాతమే ఊగుతుంది, కానీ సహసంబంధం 0.8. దాని బీటా 1. విడిగా చూస్తే గుండె దడ పుట్టించే మొదటి షేరుకే క్యాప్‌ఎం తక్కువ రాబడి చాలంటుంది. వింతగా తోస్తుంది గానీ, దాని గంతుల్లో ఎక్కువ భాగం నలభై షేర్ల మధ్య కరిగిపోయేదేనని గుర్తుంచుకుంటే సర్దుకుంటుంది.

శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే కంపెనీ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజిలో విడిగా చేతులు మారవు. చుక్కలు పెట్టడానికి షేరు ధరే లేదు. అప్పుడు లిస్టయిన ఇతర విమానాశ్రయ కంపెనీల వైపు చూడాలి. ఫ్రాంక్‌ఫర్ట్, జూరిక్, థాయ్‌లాండ్ విమానాశ్రయాల కంపెనీలు అలాంటివి. వాటి బీటాను అలాగే ఎత్తుకొచ్చి పెట్టేస్తే తప్పవుతుంది, ఎందుకంటే ఒక్కో కంపెనీ అప్పు ఒక్కోలా ఉంటుంది. మంచి ఏడాదైనా చెడ్డ ఏడాదైనా బ్యాంకు తన వడ్డీ తాను తీసుకుంటుంది. మిగిలిన ఊగిసలాటంతా వాటాదారుల నెత్తినే. అప్పు పెరిగినకొద్దీ వ్యాపారం అదే అయినా షేరు బీటా పెరుగుతుంది. అందుకే ముందు అప్పు ప్రభావాన్ని తీసేసి అసలు వ్యాపారపు బీటాను రాబట్టి, తర్వాత మన విమానాశ్రయపు అప్పును ఎక్కిస్తారు.

అంకెలు నేను ఉదాహరణ కోసం ఎంచుకున్నవి. విదేశీ విమానాశ్రయం షేరు బీటా 0.9. అందులో ప్రతి 100 రూపాయల్లో అప్పు 40, వాటా 60. పన్ను 25 శాతం.

```
0.9 ÷ (1 + 0.75 × 40/60) = 0.9 ÷ 1.5 = 0.6
```

ఈ 0.6 అప్పు లేని విమానాశ్రయ వ్యాపారానిది. మన దగ్గర అప్పు, వాటా చెరి సగం అనుకుంటే:

```
0.6 × (1 + 0.75 × 50/50) = 0.6 × 1.75 = 1.05
```

ప్రభుత్వ బాండు రాబడి 7 శాతం, మార్కెట్ రిస్క్ ప్రీమియం 7 శాతం అనుకుంటే కాస్ట్ ఆఫ్ ఈక్విటీ 7 + 1.05 × 7, అంటే 14.35 శాతం. అదే విమానాశ్రయం 70 శాతం అప్పుతో నడుస్తోందని చూపిస్తే బీటా 1.65కు, కాస్ట్ ఆఫ్ ఈక్విటీ 18.55కు ఎగబాకుతుంది. రన్‌వే అదే, ప్రయాణికులు వాళ్లే. అప్పు చేయడం యాజమాన్యం ఎంచుకున్న దారి కాబట్టి నియంత్రణ సంస్థలు అసలు అప్పును కాక, ఇంత ఉంటే సబబు అని తాము నిర్ణయించిన నిష్పత్తిని వాడుతుంటాయి. ఆ పద్ధతే సరైనదని నా అభిప్రాయం.

బీటా గురించి ఇంత వాదన జరిగినా, అంతకంటే పెద్ద అనిశ్చితి మార్కెట్ రిస్క్ ప్రీమియంలో ఉంటుంది. 1979 ఏప్రిల్‌లో 100 దగ్గర మొదలైనట్టు లెక్కించే సెన్సెక్స్ 2024 మార్చి చివర 73,651 దగ్గర ఉంది. డివిడెండ్లు కలపకుండానే 45 ఏళ్లలో ఏడాదికి సుమారు 15.8 శాతం చక్రవృద్ధి. ఇది చూసి ప్రీమియం ఎనిమిదో తొమ్మిదో ఉంటుందనిపిస్తుంది. ఇప్పుడు కిటికీ మార్చి చూద్దాం. 2007 చివర 20,287 ఉన్న సెన్సెక్స్ 2013 చివరికి 21,171కి చేరింది. ఆరేళ్లలో ఏడాదికి ఒక్క శాతం కూడా పెరగలేదు. డివిడెండ్లు కలిపినా ఆ కాలంలో ప్రభుత్వ బాండుదే పైచేయి. కొలిచిన ప్రీమియం సున్నా కంటే కింద. ఆరేళ్ల పాటు మదుపరులు రిస్కుకు ఎదురు డబ్బిచ్చి మరీ షేర్లు కొన్నారని దీని అర్థం కాదు. వాళ్లు ఆశించింది ఒకటి, వచ్చింది ఒకటి. సూత్రానికి కావలసింది ఆశించిన రాబడి, మన చేతిలో ఉన్నది వచ్చిన రాబడి. సుదీర్ఘ కాలపు సగటు తీస్తే రెండూ దగ్గర పడతాయన్నదే ధైర్యం. ఆ సగటు కూడా గట్టిదేమీ కాదు: ఏడాది రాబడులు సగటుకు 25 శాతం అటూ ఇటూ ఊగుతుంటే, 45 ఏళ్ల సగటులోనూ దాదాపు 3.7 శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చు.

ఈ అనిశ్చితి చాలదన్నట్టు చేజేతులా చేసే తప్పులూ ఉన్నాయి. సూత్రంలో Rf రెండుచోట్ల ఉంది. ప్రీమియం కొలిచేటప్పుడు 91 రోజుల ట్రెజరీ బిల్లుతో పోల్చి, మొదటి Rf దగ్గర మాత్రం సాధారణంగా ఎక్కువ రాబడి ఉండే పదేళ్ల బాండు పెడితే, ఆ తేడా అంతా తేరగా వాటాదారుల ఖాతాలో పడుతుంది. నివేదిక చదివేటప్పుడు రెండు Rfలూ ఒకటేనా అని చూస్తే ఇది బయటపడుతుంది. రెండో తప్పు ఇంతకంటే మర్యాదగా కనిపిస్తుంది. లెక్కంతా అయ్యాక "ఈ ప్రాజెక్టుకున్న ప్రత్యేక రిస్కు" అంటూ ఇంకో రెండు శాతం కలుపుతారు. టెర్మినల్ ఆలస్యం కావడం, అనుకున్నంత మంది ప్రయాణికులు రాకపోవడం లాంటివి నిజమైన ప్రమాదాలే. కానీ వాటిని రాబోయే ఆదాయ, వ్యయాల అంచనాల్లో చూపించాలి. నలభై షేర్ల మదుపరి దగ్గర కరిగిపోయే రిస్కును రాబడి రేటులోకి ఎక్కిస్తే క్యాప్‌ఎం మొదటి మెట్టునే కాదన్నట్టు.

మోడల్‌కు తనదైన లోపమూ ఉంది. 1992లో యూజీన్ ఫామా, కెన్నెత్ ఫ్రెంచ్ అమెరికా షేర్లను పరిశీలించి, బీటా ఎక్కువైనంత మాత్రాన సగటు రాబడి పెరగడం లేదని చూపించారు. అయినా నియంత్రణ సంస్థలు దీన్ని వదల్లేదు. ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో బయటివాళ్లు వెతికి పట్టుకోగలగడం వల్లే ఇది నిలిచిందని నేననుకుంటాను.

ఈ అంకెలు రూపాయల్లోకి ఎలా మారతాయో మళ్లీ ఊహించిన లెక్కతోనే చూద్దాం. వాటాదారుల పెట్టుబడి 5,000 కోట్లు, ఏడాదికి రెండున్నర కోట్ల ప్రయాణికులు. కాస్ట్ ఆఫ్ ఈక్విటీ ఒక్క శాతం మారితే 50 కోట్లు, తలకు 20 రూపాయలు. పన్ను దీనికి అదనం. బీటాను 0.9 నుంచి 1.2 వరకు, ప్రీమియాన్ని 6 నుంచి 8 శాతం వరకు ఎక్కడ పెట్టినా తప్పని ఎవరూ గట్టిగా అనలేరు. ఆ రెండు కొసల్లో కాస్ట్ ఆఫ్ ఈక్విటీ 12.4 శాతం, 16.6 శాతం. మధ్య దూరం తలకు 84 రూపాయలు. ఫీజు ఖరారు చేసేముందు నియంత్రణ సంస్థ సంప్రదింపుల పత్రం విడుదల చేసి అభిప్రాయాలు అడుగుతుంది. వందల పేజీల ఆ పత్రంలో ఈ 84 రూపాయలు తేలేది రెండు మూడు పట్టికల్లోనే: పోల్చిన విమానాశ్రయాలేవి, అప్పు నిష్పత్తి ఎంత, ప్రీమియం ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరానికి కొలిచారు.