మూడు గంటల మసక

1999లో డేవిడ్ షార్బొనో బృందం 10 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపుతో పెగాసస్ మండలంలోని HD 209458 నక్షత్రాన్ని గమనించింది. మూడున్నర రోజులకోసారి దాని వెలుగు ఒకటిన్నర శాతం దాకా తగ్గి, మూడు గంటల్లో మళ్లీ మామూలైపోతోంది. మనకూ నక్షత్రానికీ మధ్యగా ఒక గ్రహం వెళ్తోందన్నమాట.

ఆ కాస్త మసకే గ్రహం కొలతనూ చెబుతుంది. అరవయ్యో వంతు వెలుగు ఆగిందంటే గ్రహం బిళ్ల వైశాల్యం నక్షత్రం బిళ్లలో అరవయ్యో వంతు. వర్గమూలం తీస్తే వ్యాసం దాదాపు ఎనిమిదో వంతు. గురుగ్రహం కన్నా పెద్దదే!

చిక్కల్లా ఇక్కడే ఉంది. కెప్లర్ టెలిస్కోపు కెమెరాలో పక్కపక్క చుక్కల వెలుగు ఒకే గడిలో కలిసిపోయేది. మనం చూసే నక్షత్రం వెనక, ఎంతో దూరాన, ఒకదాన్నొకటి కప్పుకునే జంట నక్షత్రాలు ఉన్నాయనుకోండి. మొత్తం వెలుగులో వాటి వాటా రెండు శాతమే. అందులో సగం మరుగైతే మనకు కనిపించేది ఒక్క శాతం తగ్గుదల, అచ్చం గ్రహంలాగే.

అందుకే ఒకటి విడిచి ఒకటి మసకల లోతును పోల్చి చూస్తారు. జంటలో ఒకటి ఎక్కువ వేడిది, ఒకటి తక్కువ వేడిది అయితే లోతులు మారుతుంటాయి. మసకబారినప్పుడు వెలుగు కేంద్రం పక్కకు జరిగినా అనుమానించాల్సిందే. ఇవేవీ దొరకకపోయినా నాకు నమ్మకం కలిగించేది నక్షత్రపు ఊగిసలాటే. గ్రహం లాగుడికి అది ముందుకూ వెనక్కూ ఎంత కదులుతోందో వర్ణపటంలో కొలిస్తే బరువు తెలుస్తుంది. HD 209458 విషయంలో ఆ ఊగిసలాట ముందే దొరికింది, మసక తర్వాత కనిపించింది.